చీటీపై రెండు అంకెలు.. పాల ధర తేలేది అక్కడే

దర్శి: తెల్లవారకముందే గేదెను పితికి, క్యాను పట్టుకొని పాల కేంద్రానికి వచ్చిన పాడి రైతు చేతికి కొద్ది నిమిషాల్లో ఒక చీటీ అందుతుంది. పోసిన పాలు ఎన్ని లీటర్లో అందులో మొదట ఉంటుంది. దాని పక్కన రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి వెన్న శాతం, రెండోది ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే వెన్న కాని ఘనపదార్థాల శాతం. లీటర్లను అందరూ సరిచూసుకుంటారు. ధరను నిర్ణయించేది మాత్రం ఆ రెండు అంకెలే. ఒకే ఊరిలో, ఒకే పూట, ఒకే కొలత పాలు పోసిన ఇద్దరికి వేర్వేరు డబ్బు రావడానికి కారణం అక్కడే ఉంది.

దర్శి, కురిచేడు, దొనకొండ, ముండ్లమూరు మండలాల్లో పొలంతో పాటు ఒకటి రెండు గేదెలను నమ్ముకున్న కుటుంబాలు అనేకం. ఒంగోలు డెయిరీకి ఊరూరా సంఘాలు ఉన్న కాలం నుంచి ఇక్కడి వారికి వెన్న పరీక్ష పరిచయమే. 2020 డిసెంబరు 2న అమూల్ భాగస్వామ్యంతో ప్రారంభమైన జగనన్న పాలవెల్లువ పథకం తొలి విడత మూడు జిల్లాల్లో ప్రకాశం ఒకటి. అప్పుడు ఏర్పడిన మహిళా పాల సంఘాల్లోనూ చెల్లింపునకు ఆధారం ఈ రెండు అంకెలే. డెయిరీ ఏదైనా, ప్రైవేటు కేంద్రమైనా లెక్క మూలం మారదు.

కిలో వెన్న లెక్క ఇలా..

గేదె పాలకు మన ప్రాంతంలో వాడుకలో ఉన్నది 'కిలో ఫ్యాట్' ధర. డెయిరీ లీటరుకు కాక, పాలలో ఉన్న వెన్నకు కిలోకు ఇంత అని ప్రకటిస్తుంది. లెక్క తేలిక కావడానికి కిలో వెన్న రూ.800 అనుకుందాం. ఒక రైతు పూటకు నాలుగు లీటర్లు పోశారు, వెన్న 7.0 శాతం వచ్చింది. పాలు నీటి కన్నా బరువు. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. కాబట్టి నాలుగు లీటర్ల బరువు 4.12 కిలోలు. అందులో ఏడు శాతం అంటే సుమారు 288 గ్రాముల వెన్న. దాని విలువ రూ.230.72.

అవే పాలకు యంత్రం 6.5 శాతం చూపిందనుకోండి. వెన్న సుమారు 268 గ్రాములకు తగ్గుతుంది, చేతికి వచ్చేది రూ.214.24. తేడా పూటకు రూ.16.48. రెండు పూటలకు దాదాపు రూ.33, పది రోజుల బిల్లులో సుమారు రూ.330. నెలకు వెయ్యి రూపాయలకు చేరువవుతుంది. అర పాయింటే కదా అని వదిలేసేది ఇంత సొమ్ము.

ఇందులోనే మరో సూక్ష్మం ఉంది. లీటరును 1.03తో హెచ్చించకుండా లీటరంటే కిలో అని లెక్క కడితే పై ఉదాహరణలో ఏడు శాతం పాలకు రూ.224 మాత్రమే వస్తుంది. పూటకు రూ.6.72 పోయినట్లే. తమ కేంద్రం పాలను తూకం వేస్తోందా, లీటర్లలో కొలుస్తోందా, లీటర్లయితే బరువులోకి మారుస్తోందా అని ఒక్కసారి అడిగి తెలుసుకోవాలి. చీటీని చూసి ఇంటి వద్దే ఈ లెక్క వేసుకోవచ్చు.

నమూనాలోనే సగం పరీక్ష

వెన్న పాలలో తేలిక పదార్థం. క్యానును కాసేపు కదపకుండా ఉంచితే అది పైకి తేలుతుంది. అప్పుడు పై నుంచి తీసిన నమూనాలో వెన్న ఎక్కువగా, అడుగు నుంచి తీసిన దానిలో తక్కువగా ఉంటుంది. యంత్రం తన ముందుంచిన పాలను సరిగ్గానే కొలుస్తుంది, ఆ పాలే క్యానులోని మొత్తానికి ప్రతినిధి కాదు. అందుకే నమూనా తీసే ముందు గరిటెతో అడుగు నుంచి పైకి పలుమార్లు కలపాలి. తొందర ఉన్న ఉదయపు వేళ ఈ పని తప్పిపోతుంటుంది. పరీక్షలో వచ్చే తగవులకు యంత్రం కన్నా ఇదే తరచు మూలం అనిపిస్తుంది.

ఇప్పుడు కేంద్రాల్లో కనిపించేవి ఎక్కువగా అతిధ్వని తరంగాలతో పనిచేసే ఎనలైజర్లు. నిమిషం లోపే రెండు అంకెలూ చెబుతాయి. వీటికి గాలి బుడగలు శత్రువులు. పితికిన వెంటనే నురుగుతో, వెచ్చగా తెచ్చిన పాలను గొట్టం కింద పెడితే అంకె తప్పుతుంది. నురుగు అణిగేదాకా ఆగాలి. పులుపెక్కుతున్న పాలకూ ఫలితం సరిగా రాదు. ప్రతి పూటా శుభ్రపరిచే ద్రావణంతో కడగకపోతే లోపల పాల పొర పేరుకుంటుంది. యంత్రం ఎలా ఉందో తెలుసుకోవడానికి రెండు చిన్న పరీక్షలు చాలు. మంచినీళ్లు పెడితే అంకెలు సున్నాకు దగ్గరగా రావాలి. బాగా కలిపిన ఒకే నమూనాను రెండుసార్లు పెడితే వెన్న 0.1కి మించి తేడా రాకూడదు.

ఎనలైజర్ సరిగా ఉందా లేదా అన్న దానికి తుది తీర్పు పాత గెర్బర్ పద్ధతిదే. బ్యుటిరోమీటర్ అనే గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం, దానిపై మెల్లగా 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు ఎమైల్ ఆల్కహాల్ పోస్తారు. బిరడా బిగించి, గడ్డలు కరిగేదాకా కుదిపి, సెంట్రిఫ్యూజ్‌లో సుమారు అయిదు నిమిషాలు తిప్పుతారు. ఆమ్లం మాంసకృత్తులను కరిగిస్తుంది, వెన్న వేరుపడి పైకి వస్తుంది. 65 డిగ్రీల వేడి నీటిలో కాసేపు ఉంచి గీతలపై చదువుతారు. వెన్న పట్టీ గడ్డిరంగులో, తేటగా ఉండాలి. దాని కింద నల్లని మసి కనిపిస్తే ఆమ్లం గాఢత ఎక్కువైందని, తెల్లని పలుకులు ఉంటే ఆమ్లం బలహీనంగా ఉందని అర్థం. రెండు సందర్భాల్లోనూ ఆ ఫలితాన్ని నమ్మకూడదు, మళ్లీ చేయాలి.

రెండో అంకె ఎందుకు?

వెన్నకే ధర కడుతున్నప్పుడు ఎస్‌ఎన్‌ఎఫ్‌తో పనేమిటన్న సందేహం సహజం. మాంసకృత్తులు, పాలచక్కెర, ఖనిజాలు కలిసినదే ఎస్‌ఎన్‌ఎఫ్. గేదె పాలలో వెన్న కనీసం 5 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ కనీసం 9 శాతం ఉండాలన్నది ఆహార భద్రత ప్రమాణాల సంస్థ నిబంధన. ఆవు పాలకు అవి 3.2, 8.3. ఎస్‌ఎన్‌ఎఫ్ తమ హద్దు కన్నా తగ్గితే డెయిరీలు లీటరుపై కొంత కోత విధిస్తాయి. కొన్నిచోట్ల రెండింటికీ కలిపి పట్టిక ఉంటుంది. వెన్న వరుస, ఎస్‌ఎన్‌ఎఫ్ నిలువు కలిసే గడిలో ఉన్నదే లీటరు ధర.

ఈ అంకె నీళ్లను పట్టిస్తుంది. వెన్న 7.0, ఎస్‌ఎన్‌ఎఫ్ 9.0 ఉన్న పది లీటర్లకు ఒక లీటరు నీళ్లు కలిపితే పదకొండు లీటర్లవుతాయి. వెన్న 6.36కు, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.18కి దిగుతాయి. మొత్తం వెన్న మాత్రం అంతే ఉంటుంది. అంటే కిలో వెన్న పద్ధతిలో నీళ్లు పోసిన వారికి పైసా అదనంగా రాదు, పైగా ఎస్‌ఎన్‌ఎఫ్ కోత పడుతుంది. కొలత పెరిగింది కదా అని సంబరపడేవారు ఈ లెక్క చూడాలి.

యంత్రం లేని చోట ఎస్‌ఎన్‌ఎఫ్‌ను లాక్టోమీటర్‌తో లెక్కిస్తారు. అయితే లాక్టోమీటర్ ఒక్కటే మోసపోతుంది. వెన్న తేలిక గనుక వెన్న తీసేసిన పాలలో అది ఎక్కువ అంకె చూపుతుంది. ఆపై కాస్త నీళ్లు పోస్తే అంకె మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మరోవైపు వెన్న బాగా ఉన్న నిఖార్సైన గేదె పాలలో అంకె తగ్గి నీళ్లు కలిపినట్టు కనిపించవచ్చు. అందుకే సూత్రంలో వెన్నను కూడా కలుపుతారు. వేడిని సరిదిద్దిన లాక్టోమీటర్ అంకెను నాలుగుతో భాగించి, వెన్న శాతంలో అయిదో వంతు కలిపి, దానికి ఒక స్థిరసంఖ్య చేరుస్తారు. అంకె 29, వెన్న 7.0 అయితే 7.25కు 1.40 కలిపి 8.65. స్థిరసంఖ్య 0.29 అయితే ఎస్‌ఎన్‌ఎఫ్ 8.94. అదే 0.36 అయితే 9.01. పాలు మారలేదు, 9 శాతం హద్దు మాత్రం ఒక లెక్కలో తప్పింది, మరో లెక్కలో దాటింది. లాక్టోమీటర్ రకాన్ని బట్టి ఈ సంఖ్య మారుతుంది కనుక తమ డెయిరీ ఏది వాడుతోందో సంఘం గోడపై రాసి ఉండాలని సభ్యులు కోరడంలో తప్పులేదు.

తగ్గిందంటే కల్తీ కానక్కరలేదు

నీళ్లు కలపకపోయినా అంకెలు పడిపోతాయి. ఉదయం పితికే నాటికి పొదుగులో పాలు ఎక్కువ గంటలు నిలుస్తాయి గనుక పాలు ఎక్కువ, వెన్న తక్కువ. సాయంత్రం దీనికి భిన్నం. పితుకుడులో తొలి ధారల్లో వెన్న చాలా తక్కువ, ఆఖరి ధారల్లో చాలా ఎక్కువ. గేదె చేపడానికి దూడను వదలడం ఇక్కడి అలవాటు. చివరి పాలు దూడకే విడిచిపెడితే వెన్నలో మంచి భాగం దానికే పోతుంది. దూడకు తొలి పాలు తాగించి, చివరి ధారలు పితుక్కుంటే చీటీలో అంకె పెరుగుతుంది. దూడ కడుపు మాడ్చకుండా ఈ మార్పు చేయవచ్చు.

వేసవిలో కాలువ నీరు అందని దొనకొండ, కురిచేడు మెట్ట గ్రామాల్లో పచ్చిమేత కరువై వట్టి గడ్డితో నెట్టుకొస్తారు. పశువుకు శక్తి చాలనప్పుడు ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గుతుంది. పొదుగువాపు వచ్చినా పాలచక్కెర తగ్గి అదే జరుగుతుంది. ఎస్‌ఎన్‌ఎఫ్ అకస్మాత్తుగా పడిపోయి వెన్న అంతగా తగ్గకపోతే ముందు పొదుగును చూడాలి. నీళ్లు కలిసినప్పుడు రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి.

సంఘానికీ ఒక ఇబ్బంది ఉంది. సభ్యుల పాలన్నీ కలిపి శీతలీకరణ కేంద్రానికి చేరాక అక్కడ మళ్లీ పరీక్షిస్తారు. సంఘానికి డబ్బు వచ్చేది ఆ ఫలితం మీద. విడివిడిగా రాసిన వెన్న మొత్తం కన్నా అక్కడ తక్కువ తేలితే నష్టం సంఘానిది. ఈ భయంతో 6.47ను 6.4గా రాసుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. వందల చీటీల్లో ఆ తునకలన్నీ ఒకే వైపు పోతాయి. అందుకే సభ్యులు నెలకోసారైనా శీతలీకరణ కేంద్రం నుంచి వచ్చిన వెన్న మొత్తాన్ని, చీటీల మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూపమని సర్వసభ్య సమావేశంలో అడగాలి. ఒక్క పూట ఫలితంపై అనుమానం వస్తే అప్పటికప్పుడే చెప్పాలి. పాలు డబ్బాలో కలిసిపోయాక మిగిలేది కేంద్రంలో ఉన్న నమూనా ఒక్కటే. దాన్ని పారబోయకముందే బాగా కలిపి మళ్లీ పెట్టమనాలి, అప్పటికీ తేలకపోతే అదే నమూనాను గెర్బర్ పరీక్షకు పంపమని కోరాలి.