ఫోటోలో పురుగు ఎన్ని మిల్లీమీటర్లు?

బియ్యంలో పురుగు కనిపిస్తే ఇప్పుడు చాలామంది ముందు ఫోన్ తీసి ఫోటో కొడతారు. బాగా దగ్గరికి వెళ్లి తీస్తే అది తెర నిండా కనిపిస్తుంది, కాస్త పైనుంచి తీస్తే చుక్కలా ఉంటుంది. ఆ ఫోటో పంపి ఇదేం పురుగని అడిగితే, తెలిసినవాళ్లు తిరిగి అడిగేది అది ఎంత పొడవుందని. పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే ఆ జవాబు ఫోటోలోనే ఉంటుంది. కాకపోతే స్కేలు పక్కనున్నంత మాత్రాన కొలత సరిగ్గా వస్తుందనుకోకూడదు. స్కేలు మీది గీతలూ పురుగు ఒళ్లూ లెన్సు నుంచి ఒకే దూరంలో ఉండాలి. ఈ పద్ధతిలో తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

పిల్లల జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలునే తీసుకోండి. బల్ల మీద పెడితే దాని గీతలు బల్ల కన్నా సుమారు రెండు మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటాయి. పురుగు మాత్రం బల్ల మీదే ఉంటుంది. ఫోన్‌ను నాలుగు సెంటీమీటర్ల దూరానికి దించి తీశామనుకుందాం. అప్పుడు గీతలు లెన్సుకు 38 మిల్లీమీటర్ల దూరంలో, పురుగు 40 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది కాబట్టి స్కేలు గీతలు ఐదు శాతం సాగినట్టు పడతాయి, పురుగు ఐదు శాతం చిన్నదిగా తేలుతుంది. నిజంగా మూడు మిల్లీమీటర్లున్నది 2.85 దగ్గర ఆగిపోతుంది. అదే ఫోటో 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఆ తేడా ఒక్క శాతానికి తగ్గిపోతుంది.

అందుకే దగ్గరికి జరగడం కన్నా, వెనక్కి జరిగి జూమ్ చేసుకోవడమే మేలు. కొత్త ఫోన్లలో చాలావాటిలో ఇంకో చిక్కుంది. వస్తువుకు బాగా దగ్గరగా వెళ్లగానే అవి వాటంతటవే వెడల్పు లెన్సుకు మారిపోతాయి. మారినప్పుడు తెర మీది దృశ్యం ఒక్కసారి పక్కకు జరిగినట్టవుతుంది. ఆ లెన్సుతో ఫోటో అంచులు సాగుతాయి కాబట్టి పురుగునూ స్కేలునూ రెండింటినీ చట్రం మధ్యలోనే ఉంచాలి. ఎత్తు తేడా అసలు లేకుండా చేయాలంటే స్కేలు పక్కన పెట్టి మిల్లీమీటరు గ్రాఫ్ కాగితం మీదే పురుగును ఉంచండి. అయితే జిరాక్స్ తీసినా ప్రింటరులో వేసినా గడులు కాస్త కుదించుకుపోవచ్చు. ఒకసారి ఏటీఎం కార్డును ఆ కాగితం మీద పెట్టి చూడండి. దాని పొడవు 85.6 మిల్లీమీటర్లు, ఎక్కడైనా అంతే. కార్డు అంచు 85, 86 గీతల మధ్య పడితే కాగితం నమ్మదగినదే.

బియ్యంలో సాధారణంగా కనిపించే ముక్కు పురుగు కదులుతూనే ఉంటుంది. కానీ దాన్ని పుల్లతో తాకితే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది. ఫోటోకు ఆ కొద్దిసేపు చాలు, పుల్లతోనే దాని వీపు పైకి వచ్చేలా తిప్పాలి. ఫ్లాష్ వేయకూడదు. ఫ్లాష్ వేస్తే ఒంటి పక్కన పడే నల్లటి నీడను ఒంట్లో భాగమనుకుని కొలిచే ప్రమాదముంది. కిటికీ వెలుతురులో తీస్తే అంచు తేటగా కనిపిస్తుంది.

ఇక కొలవడం. కంప్యూటరున్నవాళ్లు ImageJ అనే ఉచిత ప్రోగ్రాములో ఫోటో తెరిచి, స్కేలు మీద పది మిల్లీమీటర్ల గీత గీసి, Analyze > Set Scale దగ్గర ఆ దూరం పది అని చెబితే, ఆ తర్వాత గీసే ప్రతి గీత పొడవునూ అది మిల్లీమీటర్లలో చెబుతుంది. లేనివాళ్లకు ఫోన్ తెరే చాలు. ఫోటోను పెద్దది చేసి, ఇక కదపకుండా ఉంచి, తెర మీదే మరో స్కేలు ఆనించి చూడాలి. ఫోటోలోని స్కేలు మీద పది మిల్లీమీటర్ల దూరం తెర మీద 96 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. పురుగు 27 వచ్చింది. మిగిలింది బడిలో నేర్చుకున్న త్రైరాశికమే: 27ని పదితో గుణించి 96తో భాగిస్తే 2.81.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. ఒక్క మిల్లీమీటరు గడిని ఆధారంగా తీసుకోకుండా పది గడులను కలిపి తీసుకోవాలి. గీతకు కూడా కొంత మందం ఉంటుంది, ఒక్క గడిలో ఆ మందమే పెద్ద తప్పవుతుంది. పది గడుల్లో అది కరిగిపోతుంది. కొలిచేటప్పుడు మొదటి గీత ఎడమ అంచు నుంచి మొదలుపెడితే చివరి గీత ఎడమ అంచు దగ్గరే ఆపాలి. రెండోది, 27 అన్న అంకెలోనే అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. అంటే పురుగు 2.76కూ 2.86కూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కాలిక్యులేటర్ 2.8125 అని చూపించినా రాసుకోవలసింది 2.8 మాత్రమే.

ఇంతకీ పొడవంటే ఎక్కడి నుంచి ఎక్కడికి? ముక్కు పురుగు విషయంలో ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ఈ జాతి పురుగుల పొడవు చెప్పేటప్పుడు పొడుచుకువచ్చిన ముక్కును సాధారణంగా కలపరు. అది కిందికి వంగి ఉంటుంది కాబట్టి పైనుంచి తీసిన ఫోటోలో దాని అసలు పొడవు ఎలాగూ పడదు. కాళ్లు, మీసాలు కూడా లెక్కలోకి రావు. ముక్కుతో కలిపి కొలిచిన అంకెను పుస్తకంలోని అంకెతో పోలిస్తే అసలు వేరే పురుగని అనిపించవచ్చు. కాబట్టి అంకె పక్కన "ముక్కు కలపకుండా" అని రాసిపెట్టుకోవాలి.

ఫోన్ వంగడం ఇంకో దారి తప్పించే విషయం. పురుగూ స్కేలూ ఒకే దిశలో పక్కపక్కనే ఉంటే ఫోన్ కొంచెం వంగినా పెద్దగా నష్టం లేదు, రెండూ ఒకేలా కుదించుకుపోతాయి. స్కేలు అడ్డంగా, పురుగు నిలువుగా ఉంటేనే ముప్పు. ఫోన్ ఇరవై డిగ్రీలు వంగితే నిలువు కొలత ఆరు శాతం తగ్గుతుంది, ముప్పై డిగ్రీలైతే పదమూడు శాతం. పురుగు అటు తిరిగి ఉంటే స్కేలునే అటు తిప్పండి. ఫోన్ వంగిందా లేదా అన్నది ఫోటోనే చెబుతుంది. గ్రాఫ్ కాగితమైతే ఒక మూలనున్న సెంటీమీటరును ఎదురు మూలనున్న సెంటీమీటరుతో పోల్చి చూడండి. ఒకటి 96, ఇంకొకటి 90 వస్తే ఆ ఫోటో పక్కన పెట్టి మళ్లీ తీయడమే మంచిది. గింజ మీదికి ఎక్కి ఏటవాలుగా ఉన్న పురుగుకు మాత్రం ఏ స్కేలూ పనికిరాదు.

గింజలు కదలవు కాబట్టి పని తేలిక. బియ్యం రకాన్ని చెప్పడానికి రెండు కొలతలు చూస్తారు: గింజ పొడవు, పొడవును వెడల్పుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. ఆరు మిల్లీమీటర్ల కన్నా పొట్టిగా ఉండి, నిష్పత్తి రెండున్నరకూ మూడుకూ మధ్య ఉంటే మధ్యస్థ సన్నం. మన సాంబ మసూరి ఇందులోదే. నిష్పత్తికి నిజానికి స్కేలే అక్కర్లేదు, ఫోన్ వంగకుండా తీస్తే చాలు. పొడవుకు మాత్రం స్కేలు తప్పదు. అప్పుడు ఒక్క గింజను కొలవకుండా, విరగని గింజలు పది ఏరి, గ్రాఫ్ కాగితం గీత వెంబడి ఒకదాని కొనకు ఇంకొకటి తగిలేలా పేర్చి ఫోటో తీయండి. వరుస మొత్తం 52 మిల్లీమీటర్లు వస్తే సగటు గింజ 5.2. ఒక్క గింజ కొనను గుర్తించడంలో జరిగే చిన్న పొరపాటు అప్పుడు పదో వంతుకు తగ్గిపోతుంది.

పురుగు దగ్గర మాత్రం ఈ కొలత ఒక చోట ఆగిపోతుంది. బియ్యపు ముక్కు పురుగూ, మొక్కజొన్నకు ఎక్కువగా పట్టే ముక్కు పురుగూ వేర్వేరు జాతులు. రెండింటి పొడవులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, రెక్కల మీది నాలుగు ఎర్రటి మచ్చలూ రెండింటికీ ఉంటాయి. వాటిని కచ్చితంగా విడదీయడానికి నిపుణులు కోసి, లోపలి జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూస్తారు.