40 పేజీల చాప్టర్‌ని గైడ్‌కి ఒక్క పేజీలో ఎట్ల చెప్పాలి?

"ఈ చాప్టర్ మీద ఒక పేజీ నోట్ పంపు" అని గైడ్ అడిగారనుకోండి. మనలో చాలామంది ఏం చేస్తారంటే, ప్రతి హెడ్డింగ్ కింద నుంచి రెండు లైన్లు తీసి అతికించేస్తారు. అది విషయసూచిక అవుతుంది గానీ నోట్ కాదు. చాప్టర్ ఏం తేల్చింది, ఏ ఆధారంతో తేల్చింది, తాను ఎక్కడ నిర్ణయం చెప్పాలి... సార్ వెతికేది ఇవే.

సిరిసిల్లనే తీసుకుందాం. 2017లో బతుకమ్మ చీరల పథకం మొదలయ్యాక ఇక్కడి మరమగ్గాలకు ప్రభుత్వ ఆర్డర్లు వచ్చాయి కదా. దానివల్ల కార్మికుల సంపాదన ఎట్ల మారిందన్నది మీ చాప్టర్ అనుకోండి. చాప్టరూ, అందులోని అంకెలూ ఉదాహరణ కోసం నేను అనుకున్నవే. 40 మంది కార్మికులతో మాట్లాడారు, 40 పేజీలు రాశారు.

ముందు ఫైల్ మూసేయండి. ఏం తేలిందో గుర్తున్నంత వరకు నాలుగు వాక్యాల్లో రాయండి. ఆ తర్వాత ఫైల్ తెరిచి సరిచూసుకోండి. ఫైల్ ఎదురుగా పెట్టుకుంటే కాపీ కొట్టకుండా ఉండలేం, నిజం!

"ఈ చాప్టర్ కార్మికుల వేతనాలను చర్చిస్తుంది." ఈ వాక్యం ఫీల్డ్‌కి పోకముందే రాయొచ్చు, కాబట్టి కొట్టేయండి. "ఆర్డర్ ఉన్న నెలల్లో సంపాదన పెరిగిందని 40 మందిలో 31 మంది చెప్పారు, మిగతా నెలల్లో పాత స్థాయికే వచ్చిందని 26 మంది చెప్పారు." ఇది ఫీల్డ్‌కి పోతేనే తెలిసే మాట. నోట్‌లో మొదటి లైన్ ఇదే కావాలి. సార్ ఫోన్‌లో పీడీఎఫ్ తెరవగానే కనపడేది ఆ పై భాగమే మరి.

తర్వాత ఆధారం. సగం పేజీ దీనికే ఇవ్వండి, బలహీనతతో సహా. 2017కి ముందు కూలి ఎంతని ఇప్పుడు అడిగితే జనం జ్ఞాపకం మీద చెప్తారు. 40 మందిలో 12 మంది దగ్గరే పాత కూలి లెక్కల పుస్తకం దొరికిందా? అదే రాయండి. దాచిపెడితే వైవాలో బయటపడుతుంది, అప్పుడు సరిదిద్దే టైమ్ ఉండదు.

చివర ప్రశ్న. "మీ సలహా కావాలి" అని రాస్తే సార్ దగ్గర జవాబు ఉండదు. ఇట్ల రాయండి: "ఆసాములను, అంటే యజమానుల దగ్గర నూలు తీసుకుని సొంత మగ్గాల మీద నేయించేవాళ్లను, నేను కలవలేదు. 10 మందిని కలిస్తే నెల పడుతుంది. లేకపోతే చాప్టర్‌ని కార్మికులకే పరిమితం చేసి శీర్షిక మారుస్తాను. నాకు రెండోది సరైనదనిపిస్తోంది, ఎందుకంటే నా ప్రశ్న కూలి గురించే." సార్ ఒక్క మెసేజ్‌లో జవాబిచ్చేయొచ్చు.

జగిత్యాల దగ్గర పొలాసలో వరి మీద, కోరుట్ల వెటర్నరీ కాలేజీలో గేదెల మీద ట్రయల్ చేసేవాళ్లకూ ఇదే పద్ధతి. కాకపోతే ఎన్ని ప్లాట్లు, ఎన్ని పశువులు, మధ్యలో ఎన్ని తప్పుకున్నాయి అన్నది ఫలితం పక్కనే ఉండాలి. ఆరు గేదెలతో మొదలై నాలుగే మిగిలితే సార్ ముందు అడిగేది ఆ రెండింటి గురించే.