ఓడను బోల్తా కొట్టించే మంచు

ధ్రువ సముద్రాల్లో ఓడకు ఎదురయ్యే మంచు రెండు రకాలు. నీటి మీద తేలే మంచును తట్టుకోవడానికి ఓడ ఒంటినే గట్టిగా కడతారు. పీసీ1 నుంచి పీసీ7 దాకా ఏడు తరగతులున్నాయి. పీసీ1 ఓడ ఏడాది పొడవునా ఏ ధ్రువ జలాల్లోనైనా తిరగగలదు. పీసీ7 ఓడను వేసవిలో, శరత్తులో, అంత మందం లేని మంచులో నడపడానికే కడతారు. ఓడ బలం చాలని చోట ఐస్‌బ్రేకర్ ముందు నడిచి దారి చీలుస్తుంది. వెనకున్న ఓడ మరీ దూరమైతే ఆ దారి మళ్లీ మూసుకుపోతుంది. మరీ దగ్గరైతే, ఐస్‌బ్రేకర్ గట్టి మంచుకు తగిలి హఠాత్తుగా ఆగినప్పుడు దాన్ని గుద్దేస్తుంది.

రెండో రకం మంచు పైనుంచి వస్తుంది. దాన్ని ఎంత మందమైన ఉక్కు రేకూ ఆపలేదు. గడ్డకట్టించే చలిలో, ఈదురుగాలికి ఎదురెళ్లే ఓడ ముక్కు అలను కొట్టినప్పుడల్లా తుంపర లేచి డెక్కు మీద, కటకటాల మీద, తాళ్ల మీద పడి అక్కడే గడ్డకడుతుంది. వేలెడు మందం లేని తీగ కూడా మంచు పట్టి లావెక్కుతుంది. ధ్రువ ఓడలకు 2017 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ పోలార్ కోడ్, ఇలాంటి చోట తిరిగే ఓడల నిలకడ లెక్కలో ఆరుబయటి డెక్కుపై చదరపు మీటరుకు 30 కిలోల మంచు ఉంటుందని కలుపుకోమంటుంది. డెక్కు 400 చదరపు మీటర్లుంటే అదే 12 టన్నులు. పక్కల మీద పేరుకునే మంచు దీనికి అదనం.

బరువు కన్నా అది చేరే చోటే ప్రమాదం. మంచు ఎత్తున పేరుకునేకొద్దీ ఓడ గరిమనాభి పైకి జరుగుతుంది. ఒరిగిన ఓడను మళ్లీ నిలబెట్టే శక్తి తగ్గిపోతుంది.

1955 జనవరి 26న ఐస్‌లాండ్‌కు ఉత్తరాన లొరెల్లా, రొడెరిగో అనే రెండు బ్రిటిష్ చేపల ఓడలు ఇలాగే మునిగాయి. తుపాను గాలికి ఎదురు నిలిచిన వాటి మీద మంచు పేరుకుంటూనే పోయింది. సిబ్బంది కొట్టి రాల్చేదానికన్నా కొత్తగా పట్టేదే ఎక్కువైంది. కొన్ని గంటల తేడాతో రెండూ ఒరిగిపోయాయి. 40 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఈ ముప్పును ముందుగా పట్టించేది ఓడ ఊగే తీరు. ఊపు నెమ్మదించి, ఒక పక్కకు ఒరిగాక లేవడానికి తాత్సారం చేస్తోందంటే నిలకడ తగ్గుతున్నట్టే. అప్పుడు వేగం తగ్గించాలి, తుంపర తక్కువ పడేలా దిశ మార్చాలి. అయితే బరువెక్కిన ఓడను పెద్ద అలల్లో తిప్పడమే ప్రాణాంతకం కావచ్చు, కాబట్టి ఆ నిర్ణయం ముందే తీసుకోవాలి. మంచును చెక్క సుత్తులతో ఎత్తైన చోటి నుంచి, రెండు పక్కలా సమానంగా కొట్టాలి. ఒక పక్కే రాలిస్తే ఓడ రెండో పక్కకు వాలుతుంది. డెక్కు నీరు పోయే తూములు తెరిచి ఉంచాలి.

తేలే మంచు మధ్య అలలు అణిగిపోతాయి, తుంపర లేవదు. అందుకే తగిన తరగతి ఉన్న ఓడకు అక్కడికి చేరడమే ఒక్కోసారి రక్షణ. తరగతి లేని ఓడకు ఆ దారి లేదు. వాతావరణ సూచన చూసి రేవులోనే ఆగడం దానికి మేలు.