లెక్క సరిపోయింది, ఇల్లు మాత్రం కనిపించలేదు

హైదరాబాదులో అద్దె ఇంటి కోసం ఎవరో ఫోన్‌లో వెతుకుతున్నారనుకుందాం. కొత్తగా పెట్టిన ప్రకటనలు పైన ఉంటాయి, పాతవి కింద ఉంటాయి. అన్నీ ఒకేసారి రావు. పదో ఇరవయ్యో వస్తాయి, కిందికి జరిపితే ఇంకో విడత వస్తుంది. ఇలా విడతలుగా ఇవ్వడాన్ని సాఫ్ట్‌వేర్ వాళ్లు పేజినేషన్ అంటారు. చదువుతున్నంతసేపూ ఆ జాబితా కదలకుండా ఉండదు. ఒకరు కొత్త ఇల్లు పెడతారు, ఇంకొకరి ఇల్లు అద్దెకు పోయి ప్రకటన తీసేస్తారు. అలాంటప్పుడు ఇందాక చూసిన ఇల్లే మళ్లీ ఎదురవుతుంది. అది చిన్న చికాకు. దాని జంట తప్పు మాత్రం చిన్నది కాదు. ఒక ఇల్లు అసలు కంటపడకుండానే దాటిపోతుంది. రెండుసార్లు వచ్చినదాన్ని చూసి ఎవరైనా అడుగుతారు. రానిదాని గురించి ఎవరూ అడగరు, అది ఉందని వాళ్లకు తెలియదు కనుక.

ఈ రెండు తప్పులకూ మూలం ఒకటే, తర్వాతి విడతను అడిగే తీరు. ఎక్కువగా వాడే పద్ధతి ఆఫ్‌సెట్. పైనుంచి ఇన్ని వదిలేసి, ఆ తర్వాతివి ఇన్ని ఇవ్వమని డేటాబేస్‌ను అడుగుతాం. విడతకు నాలుగు చొప్పున చూపిస్తుంటే, రెండో విడతకు వెళ్లే ప్రశ్న ఇది:

```sql
SELECT id FROM houses
ORDER BY id DESC LIMIT 4 OFFSET 4;
```

ఆసుపత్రి ఓపీ క్యూలో ఎంతవరకు పిలిచామో గుర్తుపెట్టుకోవడానికి ‘ముందున్న నలుగురిని వదిలేసి ఐదో మనిషి నుంచి’ అని రాసుకోవడం లాంటిది ఇది. ఈలోగా క్యూలోంచి ఒకరు వెళ్లిపోతే ఐదో మనిషి నాలుగో మనిషి అవుతాడు, అతన్ని ఎవరూ పిలవరు. అదే ‘టోకెన్ 47 వరకు అయింది’ అని రాసుకుంటే, ముందు ఎవరు వెళ్లినా ఎవరు చేరినా 48వ టోకెన్‌కు అన్యాయం జరగదు. కర్సర్ పద్ధతి ఇదే. చివరిగా చూపించిన ఇంటి నంబరును గుర్తు పెట్టుకుని, దానికంటే పాతవి కావాలని అడుగుతుంది:

```sql
SELECT id FROM houses
WHERE id < 9
ORDER BY id DESC LIMIT 4;
```

మొదటి ప్రశ్నలో ఉన్నది స్థానం, రెండోదానిలో ఉన్నది విలువ. జాబితా మారితే స్థానాలు జరుగుతాయి. తొమ్మిదో నంబరు ఇల్లు తొమ్మిదో నంబరుగానే ఉంటుంది.

ఇంతవరకు చెప్పినది ఒప్పుకోవడం తేలిక. నిజంగా అలాగే జరుగుతోందని రుజువు చేసుకోవడంలోనే చిక్కు ఉంది. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. పరీక్షను చిన్నదిగా పెట్టుకుంటే కాగితం మీదే చేయవచ్చు. పన్నెండు ఇళ్లు తీసుకుందాం. నంబర్లు ఒకటి నుంచి పన్నెండు వరకు, పెద్ద నంబరు అంటే కొత్త ఇల్లు, విడతకు నాలుగు.

మొదటి విడతలో 12, 11, 10, 9 వస్తాయి. రెండో విడత అడిగేలోపు 11వ ఇంటి ప్రకటన తీసేశారు. ఇప్పుడు జాబితా 12, 10, 9, 8, 7 అంటూ సాగుతుంది. ఆఫ్‌సెట్ పైనుంచి నాలుగు వదిలేస్తుంది, అంటే 12, 10, 9, 8. రెండో విడతగా 7, 6, 5, 4 ఇస్తుంది. మూడో విడతలో 3, 2, 1. ఎనిమిదో ఇల్లు మొదటి విడతలో లేదు, రెండో విడతలో లేదు, ఇక రాదు. దాని ప్రకటనలో ఎవరూ ఏమీ మార్చలేదు. పక్కనున్న ఇంకో ప్రకటన పోయినందుకు ఇది కనిపించకుండా పోయింది.

ఇప్పుడు తప్పు జరిగిందో లేదో పట్టుకోవాలి. తొందరలో ఎవరైనా చేసే పని ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం. మూడు విడతల్లో కలిపి పదకొండు వచ్చాయి. డేటాబేస్‌లో ఇప్పుడున్నవి ఎన్ని? 11వ ఇల్లు పోయింది కనుక పదకొండే. లెక్క సరిపోయింది, ఎనిమిదో ఇల్లు మాత్రం కనిపించలేదు. పరీక్ష పాసయినట్టే చూపిస్తుంది.

ఇంకో పక్క చూద్దాం. ఎవరూ ఏదీ తీసేయలేదు, మొదటి విడత తర్వాత కొత్తగా 13వ ఇల్లు చేరింది. ఆఫ్‌సెట్ ఇప్పుడు 13, 12, 11, 10లను వదిలేసి 9, 8, 7, 6 ఇస్తుంది. తొమ్మిదో ఇల్లు రెండోసారి వచ్చింది. ఆ తర్వాత 5, 4, 3, 2, చివర్లో 1. వచ్చినవి మొత్తం పదమూడు, డేటాబేస్‌లోనూ పదమూడే. మళ్లీ లెక్క సరిపోయింది. తొమ్మిది రెండుసార్లు రావడం, పదమూడు రాకపోవడం ఒకదానికొకటి చెల్లిపోయాయి.

ఇదే పరీక్ష కర్సర్‌కు పెడితే లెక్క తిరగబడుతుంది. 11వ ఇల్లు తీసేసినప్పుడు కర్సర్ 9 కంటే చిన్నవి అడిగి 8, 7, 6, 5 తెస్తుంది, ఆపైన 4, 3, 2, 1. చూపించినవి పన్నెండు, డేటాబేస్‌లో పదకొండు. 13వ ఇల్లు చేరినప్పుడూ అదే పన్నెండు చూపిస్తుంది, డేటాబేస్‌లో పదమూడు ఉంటాయి. రెండుసార్లూ లెక్క తేడా వస్తుంది, రెండుసార్లూ కర్సర్ పని సరిగ్గానే ఉంటుంది. మొత్తాలు పోల్చి తీర్పు చెప్పేవాడు ఆఫ్‌సెట్‌ను మంచిదంటాడు, కర్సర్‌ను తప్పంటాడు. ఒక వ్యవస్థలోని రికార్డులను విడతలవారీగా ఇంకో వ్యవస్థలోకి తెచ్చుకునేచోట ఇలాంటి మొత్తాల మీదే నమ్మకం పెట్టుకోవడం మామూలైపోయింది. నాకు ఎక్కువ భయం వేసేది అక్కడే. ఇల్లు దొరక్కపోతే ఇంకోటి వెతుక్కుంటాం. రాకుండా పోయిన రసీదు ఏడాది చివర ఎవరి మెడకో చుట్టుకుంటుంది.

అందుకే పరీక్షలో అడగాల్సిన ప్రశ్న వేరు. చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి ముగిసేదాకా జాబితాలో ఉన్న ఇళ్లు, మధ్యలో చేరనివి, పోనివి, వరుసలో చోటు మారనివి ఏవి? వాటిలో ప్రతి ఒక్కటీ సరిగ్గా ఒక్కసారి వచ్చిందా? ఇందుకు వచ్చిన ప్రతి నంబరునూ రాసిపెట్టుకోవాలి, మొత్తం ఒక్కటే సరిపోదు. తీసేసిన సందర్భంలో అలా నిలకడగా ఉన్నవి పదకొండు, 11 తప్ప అన్నీ. ఆఫ్‌సెట్ రాసిన చీటీలో ఎనిమిది లేదు, ఇట్టే పట్టుబడుతుంది. కర్సర్ చీటీలో పదకొండూ ఒక్కొక్కసారి ఉన్నాయి. చేరిన సందర్భంలో నిలకడగా ఉన్నవి పన్నెండు. ఆఫ్‌సెట్ చీటీలో తొమ్మిది రెండుసార్లు ఉంది, కర్సర్ చీటీలో ఏదీ రెండుసార్లు లేదు. కొత్తగా వచ్చిన 13 కర్సర్‌కు కనిపించకపోవడం తప్పు కాదు. అది మనం దాటివచ్చిన చోటుకు పైన చేరింది. జాబితాను మళ్లీ మొదటినుంచి తెరిస్తే వస్తుంది.

పరీక్షలో ఒకటి తీసేసి, ఒకటి చేర్చి, రెండూ కలిపి చేయకూడదు. 11 పోయి 13 చేరితే స్థానాలు మళ్లీ మొదటికొస్తాయి, ఆఫ్‌సెట్ అదృష్టవశాత్తూ ఎనిమిదో ఇంటి నుంచే మొదలుపెడుతుంది. రెండు మార్పులనూ విడివిడిగా పెట్టాలి. ఇంకోసారి గుర్తుపెట్టుకున్న తొమ్మిదో ఇంటినే తీసేసి చూడాలి. పైనున్న ప్రశ్నకు ఏమీ కాదు. 9 కంటే చిన్నవి అడగడానికి తొమ్మిదో ఇల్లు ఉండనక్కరలేదు. ముందు తొమ్మిదో ఇంటిని వెతికి, దాని వివరాలు తీసి, ఆపైన ముందుకు వెళ్లేలా రాసిన ప్రోగ్రామైతే అక్కడే ఆగిపోతుంది.

నంబరు ప్రకారం వరుస పెట్టినంతకాలం అంతా సాఫీగానే ఉంటుంది. ప్రకటన పెట్టిన సమయం ప్రకారం పెడితే కొత్త చిక్కు వస్తుంది. ఒక ఏజెంటు నాలుగు ఇళ్లను, 10, 9, 8, 7 నంబర్లవాటిని, ఒకేసారి ఎక్కించాడు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో `now()` ఇచ్చేది లావాదేవీ మొదలైన సమయం. ఒకే లావాదేవీలో ఎక్కించిన నాలుగు ఇళ్లకూ మైక్రోసెకన్లతో సహా ఒకే సమయం పడుతుంది. మొదటి విడత 9 దగ్గర ఆగింది. తర్వాత ‘ఆ సమయానికంటే ముందువి’ అని అడిగితే 8, 7 ఎగిరిపోయి 6 వస్తుంది. ‘ఆ సమయమైనా ఫర్వాలేదు’ అని సడలిస్తే 10, 9 మళ్లీ వస్తాయి. ఒకే సమయం ఉన్న ఇళ్లు విడత పరిమాణానికి సమానమైనా, దాన్ని మించినా అదే విడత తిరిగి తిరిగి వచ్చి, జాబితా ముందుకే కదలదు. దీనికి మందు సమయం పక్కన నంబరును కూడా జోడించి, రెంటినీ జంటగా పోల్చడం:

```sql
WHERE (posted_at, id) < (:last_time, :last_id)
ORDER BY posted_at DESC, id DESC LIMIT 4;
```

ఇందులోనూ ఒక మెలిక ఉంది. పోస్ట్‌గ్రెస్ సమయాన్ని మైక్రోసెకన్ల వరకు దాచుకుంటుంది. బ్రౌజర్లలో నడిచే జావాస్క్రిప్ట్ తేదీకి మిల్లీసెకన్ల వరకే తెలుసు. సమయం ఒకసారి అటు వెళ్లి తిరిగొచ్చేసరికి చివరి మూడంకెలు రాలిపోతాయి. గుర్తు కాస్త వెనక్కి జరిగినట్టే కనుక, ఆ సందులో ఉన్న ఇళ్లు జారిపోతాయి. చేతితో వేసిన పరీక్ష డేటాలో సమయాలన్నీ గుండ్రంగా, నిమిషాలకు నిమిషాలు ఎడంగా ఉంటాయి కాబట్టి అందులో ఈ లోపం దొరకదు. ఒకే మిల్లీసెకన్‌లో పడిన కొన్ని ఇళ్లను కావాలని ఆ డేటాలో పెట్టాలి.

కర్సర్ వల్ల పోగొట్టుకునేది కూడా ఉంది. ‘ఏడో పేజీకి వెళ్లు’ అనే బటన్ ఇక పెట్టలేం, ఆరో పేజీ చివర ఏముందో తెలియకుండా ఏడోదాన్ని అడగడం కుదరదు. రోజుల తరబడి మారని జాబితాలకు, అంటే పాత ఫలితాలకు, ముగిసిన సంవత్సరపు పద్దులకు ఆఫ్‌సెట్ వాడినా నష్టం లేదు. వరుస మాత్రం ఖచ్చితంగా చెప్పాలి.

కర్సర్ మాట నిలబెట్టుకోలేని చోటు ఒకటుంది. అద్దె తక్కువ నుంచి ఎక్కువకు వరుస పెట్టారనుకోండి. చదివేవారు పదిహేను వేల దాకా వచ్చారు. పద్దెనిమిది వేల ఇల్లు ఇంకా చూడలేదు. ఈలోగా దాని యజమాని అద్దెను పద్నాలుగు వేలకు తగ్గించాడు. ఆ ఇల్లు వాళ్లు దాటివచ్చిన వైపుకు వెళ్లిపోయింది, ఇక కనిపించదు. పన్నెండు వేలకు చూసిన ఇంటిని పదహారు వేలకు పెంచితే అది రెండోసారి ఎదురవుతుంది. ఇంటి నంబరుకూ ప్రకటన పెట్టిన సమయానికీ ఉన్న స్థిరత్వం అద్దెకు లేదు. ‘చివరిగా మార్చిన సమయం’ ప్రకారం వరుస పెట్టినా ఇదే గతి. ఒక్క ఇల్లూ తప్పకూడదనుకునే పనికి, ఉదాహరణకు జాబితా మొత్తాన్ని ఇంకోచోటికి దించుకోవడానికి, నంబరు వరుసలో తెచ్చుకుని అద్దె వరుస తర్వాత పెట్టుకోవడం మేలు. ఇల్లు వెతుక్కునేవారికి మాత్రం అద్దె వరుసే కావాలి. అక్కడ ఫోన్‌లోని ప్రోగ్రామ్ ఇప్పటికే చూపించిన నంబర్లను గుర్తుపెట్టుకుంటే రెండోసారి వచ్చినదాన్ని ఆపగలదు. జారిపోయినదాన్ని మాత్రం జాబితాను మళ్లీ పైనుంచి తెరిచినప్పుడే చూపించగలదు.