చేతికొచ్చిన షేరు ఉంచాలా, అమ్మాలా?

2009 జనవరి 7న సత్యం లెక్కల మోసం బయటపడ్డాక షేరు ఒక్కరోజులోనే ముప్పావు వంతుకు పైగా పడిపోయింది. కంపెనీ షేర్లు దాచుకున్న ఉద్యోగులకు ఆ రోజు పొదుపు కరిగిపోవడమే కాదు, జీతం వస్తుందో రాదో కూడా తెలియలేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లోని చాలా బహుళజాతి కంపెనీలు జీతంలో భాగంగా ఆర్‌ఎస్‌యూలు ఇస్తున్నాయి. అవి చేతికొచ్చే రోజును వెస్టింగ్ అంటారు. ఆ రోజు షేరు విలువంతా జీతం కిందే లెక్క. ఉదాహరణకు, 10 వేల రూపాయల షేర్లు 100 వచ్చాయనుకోండి. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి దాదాపు 31 షేర్లు పన్నుకే పోతాయి. మిగిలిన 69 షేర్లను అదే రోజు అమ్మితే లాభం దాదాపు ఉండదు కాబట్టి కొత్త పన్నూ ఉండదు. ‘అమ్మితే పన్ను పడుతుంది’ అని ఆగిపోయేవాళ్లు ఈ సంగతి గమనించరు.

అమ్మకుండా ఉంచితే, ధర సగమైతే? పన్ను కట్టింది 10 లక్షల మీద, మిగిలింది మూడున్నర లక్షల లోపు. ఆ నష్టాన్ని జీతంలోంచి తీసేయనివ్వరు. మూలధన లాభాలుంటే వాటితోనే సర్దుకోవాలి.

నేనైతే ఒకటే అడుగుతాను: ఇదే సొమ్ము బోనస్‌గా వస్తే, దాంతో మీ కంపెనీ షేర్లే కొంటారా? కొననంటే, వెస్టయిన వారంలోనే అమ్మేయండి. కంపెనీ ట్రేడింగ్ విండో మూసి ఉంటే మాత్రం తెరిచేదాకా ఆగక తప్పదు.