పది బోల్టు పది ఉండదు

కొత్త M10 బోల్టును వెర్నియర్‌తో కొలిస్తే 9.85 మిల్లీమీటర్లే రావచ్చు. కొట్టువాడు మోసం చేశాడనుకోకండి. పది అనేది దాని పేరు.

డ్రాయింగులో M10×1.5-6g అని ఉంటుంది. 1.5 అంటే ఒక పన్ను నుంచి పక్క పన్నుకు దూరం, అదే పిచ్. పళ్ల మధ్య కోణం 60 డిగ్రీలని ఖాయం కాబట్టి మిగతా కొలతలు పిచ్ నుంచే వస్తాయి. పన్ను మందం, గాడి వెడల్పు సమానమయ్యే చోటి వ్యాసం, అంటే పిచ్ వ్యాసం:

10 − 0.6495×1.5 = 9.026

అడుగు వ్యాసం:

10 − 1.0825×1.5 = 8.376

ఇక 6g. ఈ పిచ్‌కి g అనే అక్షరం మూడు వ్యాసాల్లోనూ 0.032 తగ్గించమంటుంది. గరిష్ఠాలు 9.968, 8.994, 8.344 అవుతాయి. అక్కడి నుంచి ఇంకెంత తగ్గవచ్చో 6 చెబుతుంది: బయటి వ్యాసానికి 0.236, పిచ్ వ్యాసానికి 0.132. అంటే బయట 9.732 దాకా తగ్గినా బోల్టు మంచిదే. అడుగుకు ఇలాంటి అంకె విడిగా లేదు.

నట్టు కూర్చునేది పళ్ల వాలు మీద. అందుకే అసలు తీర్పు పిచ్ వ్యాసానిది, అది వెర్నియర్‌కి దొరకదు. థ్రెడ్ మైక్రోమీటరో, మూడు తీగల పద్ధతో కావాలి.

జింకు పూతతోనే చాలామంది దెబ్బతింటారు. వాలు మీద పూత కాబట్టి పిచ్ వ్యాసం పూత మందానికి నాలుగింతలు పెరుగుతుంది. గరిష్ఠ కొలతలో ఉన్న బోల్టుకు 8 మైక్రాన్ల పూత పడితే ఆ 0.032 ఖాళీ మొత్తం నిండిపోతుంది. అంతకంటే మందం పూత కావాలంటే, మర కోయకముందే టర్నర్‌కి చెప్పండి.