ఉక్కపోతలో కూలర్ ఎందుకు చల్లబరచదు?

హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి బదిలీ మీద వెళ్లే కుటుంబాలు సామానుతోపాటు కూలర్‌ను కూడా లారీ ఎక్కిస్తాయి. అక్కడ మే నెలలో దాన్ని వేస్తే గాలి బాగానే వస్తుంది, చల్లదనం మాత్రం రాదు. ఒళ్లంతా జిగటగా ఉంటుంది, పక్క దుప్పట్లు చెమ్మగిల్లుతాయి. గడ్డి పాతబడిందేమోనని మారుస్తారు, పంపు చూడమని మెకానిక్‌ను పిలుస్తారు. నిజానికి కూలర్‌కు ఏమీ కాలేదు. దానికి అందుతున్న గాలే వేరు.

కూలర్‌లో పంపు నీటిని గడ్డి మీద పారిస్తుంది. ఫ్యాను బయటి వేడిగాలిని ఆ తడి గుండా లోపలికి లాగుతుంది. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని గాలి నుంచే తీసుకుంటుంది కాబట్టి గాలి చల్లబడుతుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. కూలర్ బలమంతా ఇదే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కాదు, ట్యాంకు నిండా నీళ్లున్నా ప్రయోజనం ఉండదు.

గాలి ఎంతవరకు చల్లబడగలదో ఇంట్లోనే కొలుచుకోవచ్చు. గది వేడి చూపే గాజు థర్మామీటర్ ఒకటి చాలు. జ్వరం చూసేది పనికిరాదు, దాని అంకెలు అంత కిందికి దిగవు. ముందు ఎండ తగలని చోట, బయటి గాలిలో వేడి ఎంతుందో చూడండి. తర్వాత థర్మామీటర్ కింది బుడ్డికి తడిపిన పల్చటి నూలుగుడ్డ చుట్టి, అక్కడే ఫ్యాను గాలికి పెట్టండి. అంకె దిగి దిగి ఒకచోట ఆగుతుంది. ఏ కూలరైనా, తేనెపట్టు ప్యాడ్లున్న ఖరీదైనదైనా, గాలిని అంతకన్నా కిందికి దించలేదు. మామూలు కూలర్ ఆ రెండు అంకెల మధ్య దూరంలో దాదాపు ముప్పావు వంతు దించుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. హైదరాబాద్‌లో మే మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నాయనుకుందాం. తడిగుడ్డ అంకె 23 దగ్గర ఆగుతుంది. తేడా 17, అందులో ముప్పావు దాదాపు 13. అంటే కూలర్ నుంచి 27 డిగ్రీల గాలి వస్తుంది. విశాఖలో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున తడిగుడ్డ 30 దగ్గరే ఆగిపోతుంది. తేడా నాలుగే, కూలర్ దించేది మూడు. పైగా బయటికొచ్చే ఆ 31 డిగ్రీల గాలి తేమతో దాదాపు నిండిపోయి ఉంటుంది. మన ఒళ్లు చల్లబడేది కూడా చెమట ఆరడం వల్లే. ఆ గాలిలో చెమట ఆరదు. మూడు డిగ్రీలు తగ్గినా ఉక్క పెరిగిందనిపించడం అందుకే.

ట్యాంకులో ఐసు వేస్తే బాగుంటుందని చాలామంది నమ్ముతారు. అయిదు కిలోల ఐసు కరిగి, ఆ నీళ్లు గది వేడికి చేరేలోపు తీసుకునే వేడి, ఒక లీటరు నీరు ఆవిరైతే పోయే వేడికన్నా తక్కువే. ఒక టన్ను ఏసీ పది నిమిషాల్లో చేసే పని అది. ఐసుకు పెట్టే డబ్బు దండగ.

అలాగని కోస్తాలో కూలర్ కొననే కూడదని నేననను. సముద్రపు గాలి రాకుండా పడమటి గాలి వీచే రోజులు విజయవాడ, గుంటూరు, రెంటచింతల వైపు వాళ్లకు బాగా తెలుసు. 42 డిగ్రీల వేడి, 30 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం తడిగుడ్డ 27 చూపిస్తుంది. అప్పుడు కూలర్ పదకొండు డిగ్రీలు దించి 31కి తెస్తుంది. విశాఖలో వచ్చిందీ 31 డిగ్రీల గాలే, కానీ ఇక్కడ అది వడగాలి నుంచి కాపాడుతుంది. ఏసీకి తలుపులు మూయాల్సిందే. టైలరు దుకాణం, టిఫిన్ సెంటర్ లాంటి తెరిచి ఉండే చోట్ల ఆ వీలుండదు, అక్కడ కూలరే దిక్కు. చిన్న కూలర్‌కు రెండొందల వాట్లు సరిపోతాయి కాబట్టి కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద నడుస్తుంది.

అయితే దాన్ని గది మధ్యలో పెట్టి తలుపులు మూస్తే ఎండు రోజున కూడా అరగంటలో ఉక్క మొదలవుతుంది, గదిలోని చెమ్మగాలినే మళ్లీ మళ్లీ లాగుతుంది కనుక. కూలర్ వెనుక భాగం కిటికీ బయటికి ఉండాలి, ఎదుటి కిటికీ తెరిచి ఉండాలి. ఏసీతో కలిపి అసలు వేయకూడదు. కూలర్ చేర్చిన తేమను ఏసీ మళ్లీ పిండాల్సి వస్తుంది.

రోజూ తడిగుడ్డ తేడా పది దాటితే పంపు వేసుకోండి. అయిదు లోపుంటే పంపు ఆపి ఫ్యానొక్కటే తిప్పండి, పొడిగాలి తగిలి చెమట కాస్తయినా ఆరుతుంది. కోస్తాలో ఒకే రోజున రెండూ చేయాల్సి రావచ్చు. మధ్యాహ్నం పడమటి గాలికి పంపు, సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక ఫ్యాను. జూన్‌లో వానలు పడ్డాక హైదరాబాద్‌లోనూ పంపుతో పని ఉండదు. అప్పుడు ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టాలి, లేకపోతే ఆ నీళ్లలో దోమలు పెరుగుతాయి.